రేషన్ కార్డులో ఆరో పేరు: ఒక 200 గజాల ఇంటి టైటిల్ సెర్చ్

ఇల్లు నిజంగా అమ్మేవాడిదేనా అని కాగితాలు వెతికి బ్యాంకుకు చెప్పే లాయరును నేను. 2024లో ఒక బ్యాంకు శాఖ నుంచి నాకు ఒక ఫైలు వచ్చింది. ఉప్పల్ అవతల, ఒకప్పుడు గ్రామ పంచాయతీగా ఉన్న ఊళ్ళో 200 గజాల స్థలం, అందులో పాత ఇల్లు. ధర కోటీ పది లక్షలు, అడిగిన లోన్ 80 లక్షలు. కొనేవాళ్ళు ఉద్యోగాలు చేసుకునే భార్యాభర్తలు. 5 లక్షలు అడ్వాన్సు ఇచ్చి, 60 రోజుల్లో రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంటు రాసుకున్నారు. ఫైలు నా టేబుల్ మీదికి వచ్చేసరికి అందులో 19 రోజులు అయిపోయాయి. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా నంబర్లు, కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. లెక్కలు మాత్రం ఉన్నవే.

ఫైలులో ఉన్న కాగితాలు ఇవి: 1987 సేల్ డీడ్ జిరాక్సు, 2004 డెత్ సర్టిఫికెట్, అదే ఏడాది ఎమ్మార్వో ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, 2007 రిలీజ్ డీడ్, ఇంటి పన్ను రసీదులు, ఒక ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజుల జాబితా. కథ కూడా సూటిగానే ఉంది. తండ్రి 1987లో ప్లాటు కొన్నాడు, ఇల్లు కట్టుకున్నాడు, 2004లో చనిపోయాడు. 2007లో తల్లి, తమ్ముడు, చెల్లెలు తమ వాటాలను పెద్దకొడుక్కి రాసిచ్చేశారు. ఇప్పుడు ఆ పెద్దకొడుకు అమ్ముతున్నాడు. లోన్ ఏజెంటు ఫోన్ చేసి, "సార్, క్లియర్ ఫైలు, రేపు సాయంత్రానికి రిపోర్ట్ ఇచ్చేయొచ్చు" అన్నాడు. క్లియర్ ఫైలు అని ఎవరైనా ముందే చెబితే నేను ఇంకో రోజు ఎక్కువ తీసుకుంటాను. అది నా అలవాటు.

మొదట ఈసీ. అమ్మే ఆయన తెచ్చిన ఈసీలో ఒకే ఒక్క వరస ఉంది: 2007 రిలీజ్ డీడ్. 1987 సేల్ డీడ్ లేదు. ఆన్‌లైన్‌లో 1983 నుంచి వివరాలు ఉన్నాయి కాబట్టి 1987 డీడ్ కనబడాలి. ఎందుకు కనబడలేదంటే, ఆయన ఇంటి నంబరు ఇచ్చి వెతికించాడు. 1987లో అక్కడ ఇల్లు లేదు, ఖాళీ ప్లాటు. ఆ డీడ్ ఇండెక్సులో సర్వే నంబరు, ప్లాటు నంబరు కింద ఎక్కింది. 2007 నాటికి ఇల్లు ఉంది, పంచాయతీ నంబరు ఉంది. దస్తావేజు రాసిన వాళ్ళు ఆస్తి వివరాలు ఉండే షెడ్యూల్‌లో ఇంటి నంబరు మాత్రమే రాసి, సర్వే నంబరు వదిలేశారు. ఆస్తి ఒకటే. కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు ఆస్తులు.

నేను ప్లాటు నంబరుతో ఇంకో ఈసీ తీశాను. అందులో 1987 డీడ్ ఉంది, 2007ది లేదు. రెండింటినీ పక్కపక్కన పెడితే చెయిన్ కలిసినట్టే అనిపిస్తుంది, కానీ నాకు కావలసింది ఇంకోటి. ప్లాటు నంబరు 47లో కట్టిందే ఈ ఇల్లు అని నిరూపించే కాగితం ఒక్కటీ లేదు. 1987 డీడ్‌లో హద్దులు: తూర్పు ప్లాటు 48, పడమర ప్లాటు 46, ఉత్తరం 25 అడుగుల రోడ్డు, దక్షిణం ప్లాటు 58. 2007 డీడ్‌లో తూర్పున, పడమరన పక్కింటివాళ్ళ పేర్లు, ఉత్తరం 30 అడుగుల రోడ్డు. రోడ్డు 5 అడుగులు పెరిగింది! ఇలాంటి తేడా చాలాసార్లు దస్తావేజు రైటర్ పొరపాటే. కానీ ఒక్కోసారి, రెండు వీధుల అవతల ఉన్న వేరే స్థలం కాగితాలతో ఈ ఇల్లు అమ్ముతున్నారని కూడా అర్థం కావచ్చు.

ఇలాంటప్పుడు నేను చేసే పని పక్కింటి దస్తావేజు తీయడం. ప్లాటు 48 మీద వెతికి 1991 సేల్ డీడ్ సర్టిఫైడ్ కాపీకి, అంటే సీసీకి దరఖాస్తు పెట్టాను. అందులో పడమర హద్దు "ప్లాటు నం. 47" అని ఉంది. అదే ప్లాటు 2002లో మళ్ళీ చేతులు మారింది. ఆ డీడ్‌లో పడమర హద్దు దగ్గర మన తండ్రి పేరు రాసి "గారి ఇల్లు" అని ఉంది. అంటే ప్లాటు 47, ఆయన ఇల్లు ఒకటేనని, ఈ లావాదేవీతో ఏ సంబంధం లేని మూడో మనిషి, ఏ గొడవా లేని రోజుల్లో రాసుకున్న కాగితం చెబుతోంది. దీనికి మించిన సాక్ష్యం దొరకదు. రోడ్డు వెడల్పు గురించి రిపోర్టులో ఒక వాక్యం రాసి, కొత్త సేల్ డీడ్ షెడ్యూల్‌లో ప్లాటు, సర్వే, ఇంటి నంబర్లు మూడూ, 25 అడుగుల రోడ్డూ రాయాలని షరతు పెట్టాను. జిల్లా పేరు విషయం కూడా ఇక్కడే చూసుకోవాలి. పాత డీడ్లలో రంగారెడ్డి జిల్లా ఉంటుంది, 2016 అక్టోబరు తర్వాత ఈ ప్రాంతం మేడ్చల్-మల్కాజిగిరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల పరిధులూ మారుతూ వచ్చాయి. కాబట్టి పాత ఆఫీసు, కొత్త ఆఫీసు రెండింటిలోనూ వెతకకపోతే సెర్చ్ పూర్తయినట్టు కాదు.

తర్వాత 1987 డీడ్ లోపలికి. అమ్మింది ఇద్దరు అన్నదమ్ములైన పట్టాదారులు. కానీ సంతకం వాళ్ళది కాదు. వాళ్ళ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం, అంటే జీపీఏ ఉన్న ఒక ప్లాట్ల వ్యాపారి పెట్టాడు. జీపీఏ 1984లో రిజిస్టరైందని డీడ్‌లో నంబరుతో సహా ఉంది. ఫైలులో మాత్రం ఆ జీపీఏ లేదు.

"ఈసీలో జీపీఏ రాలేదు సార్, అంటే అది లేనట్టేనా?" అని నా జూనియర్ అడిగింది. రాదు. ఈసీ తయారయ్యేది బుక్ 1 నుంచి, అంటే స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం నుంచి. ఉత్త జీపీఏ స్థిరాస్తిని బదిలీ చేసే పత్రం కాదు కాబట్టి బుక్ 4లోకి పోతుంది. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం బుక్ 1ని ఎవరైనా చూడవచ్చు, కాపీ అడగవచ్చు. బుక్ 4లోని పత్రం కాపీ మాత్రం దాన్ని రాసినవాళ్ళకో, దాని కింద హక్కు చెప్పుకునేవాళ్ళకో, వాళ్ళ ఏజెంటుకో ప్రతినిధికో తప్ప ఇవ్వరు. బ్యాంకు లాయరునని చెప్పి నేను అడిగితే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. అందుకని అమ్మే ఆయనతోనే, ఆ జీపీఏ కింద మా నాన్న కొన్నాడు, నేను ఆయన వారసుణ్ణి అని దరఖాస్తు రాయించి, 1987 డీడ్ కాపీ జతచేసి పంపాను. ఎనిమిది రోజులకి సీసీ వచ్చింది.

జీపీఏలో చూడాల్సినవి రెండే. అమ్మే అధికారం, రిజిస్ట్రేషన్ కోసం హాజరయ్యే అధికారం స్పష్టంగా ఇచ్చారా. డీడ్ రాసిన రోజుకి జీపీఏ ఇచ్చినవాళ్ళు బతికున్నారా. ఇచ్చినవాడు పోతే మామూలుగా ఏజెన్సీ అక్కడితో ముగిసిపోతుంది. మొదటిది జీపీఏలోనే ఉంది. రెండోదానికి మళ్ళీ ఈసీయే పనికొచ్చింది. అదే లేఅవుట్‌లో ఇంకో ప్లాటును 1990లో ఆ అన్నదమ్ములిద్దరూ స్వయంగా హాజరై అమ్మారు. 1990లో సంతకం పెట్టిన మనుషులు 1987లో బతికే ఉంటారు కదా. పహాణీల్లో, అంటే రెవెన్యూ వాళ్ళ భూమి రికార్డుల్లో, ఇద్దరి పేర్లూ పట్టాదారు కాలమ్‌లో 1955-58 చేసాల పహాణీలోని వాళ్ళ తండ్రి పేరు నుంచి వరసగా వచ్చాయి. భూమి స్వభావం పట్టా. ఇనాం, సర్కారీ, అసైన్డ్ ఏదీ కాదు. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల సెక్షన్ 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదు. బ్యాంకు అడిగేది 30 ఏళ్ళ సెర్చే అయినా హైదరాబాద్ చుట్టుపక్కల నేను పహాణీల దాకా వెళ్తాను. ఇక్కడ చాలా కాలనీల గొడవ ప్లాటు దస్తావేజులో ఉండదు, దాని కింద ఉన్న భూమి ఎవరిదన్న దాంట్లో ఉంటుంది. లేఅవుట్ పంచాయతీది కాబట్టి దాన్ని క్రమబద్ధీకరించుకునే ఎల్ఆర్ఎస్ సంగతి చూశాను. ఫీజు కట్టిన ప్రొసీడింగ్స్ ఉన్నాయి.

ఇక ఒరిజినల్స్. జిరాక్సు మీద రిపోర్ట్ రాయకూడదని నా గురువుగారు మొదటి వారంలోనే చెప్పారు. అమ్మే ఆయన 1987 ఒరిజినల్ తెచ్చాడు. ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్నాడు. కవరులోంచి తీసి, స్టాంపు పేపరును కిటికీ వైపు ఎత్తి చూశాను. ఎడమ అంచున రిజిస్ట్రార్ ఆఫీసు దారం రంధ్రాలు కాకుండా ఇంకో రెండు రంధ్రాలున్నాయి, పంచింగ్ మెషీన్‌తో చేసినవి. చివరి పేజీ వెనక మూలన పెన్సిల్‌తో ఒక నంబరు, దాని పక్కన ఏడాది: 94. ఇంట్లో బీరువాలో పెట్టుకున్న కాగితానికి ఎవరూ పంచింగ్ చేయరు. ఇది ఎవరిదో ఫైలులో కొన్నాళ్ళు ఉండివచ్చింది.

"నాన్నగారు ఎప్పుడైనా లోన్ తీసుకున్నారా?" అని అడిగితే లేదన్నాడు. ఇంటికెళ్ళి అమ్మను అడిగి చూడమన్నాను. మర్నాడు ఫోన్ చేశాడు: నాన్న పనిచేసిన చోట ఉద్యోగుల సొసైటీలో ఇల్లు కట్టడానికి అప్పు తీసుకున్నాడట, బతికుండగానే కట్టేశాడట. ఒరిజినల్స్ అప్పజెప్పి తీసుకున్న తాకట్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ రోజుల్లో చాలామంది రిజిస్టర్ చేయించేవాళ్ళు కాదు. అందుకే ఈసీలో దాని ఆనవాలు లేదు. తాకట్టులను నమోదుచేసే సెర్సాయ్‌లో వెతికినా లాభం లేదు, ఆ రిజిస్ట్రీ మొదలైందే 2011లో. ఒరిజినల్ తిరిగి వీళ్ళ చేతికి రావడమే అప్పు తీరిందనడానికి పెద్ద గుర్తు. పైగా తాకట్టు బాకీ కోసం దావా వేసే 12 ఏళ్ళ గడువూ ఎప్పుడో దాటింది. అయినా సొసైటీ నుంచి బాకీ లేదన్న లెటరు తెమ్మన్నాను. వారం రోజులు తిరిగి తెచ్చాడు. ఇది లేకపోయినా నేను ఫైలు ఆపేవాణ్ణి కాదు, కానీ అడగకుండా వదిలేసేవాణ్ణీ కాదు.

అసలు సంగతి ఇంకా రాలేదు.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో నలుగురి పేర్లున్నాయి: భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు. 2007 రిలీజ్ డీడ్‌లో సంతకాలు కూడా సరిగ్గా ఆ నలుగురివే. ముగ్గురు వదులుకున్నారు, ఒకరు తీసుకున్నారు. చూడ్డానికి చక్కగా ఉంది. కానీ డెత్ సర్టిఫికెట్‌లో చనిపోయిన ఆయన వయసు 52. యాభై రెండేళ్ళకే పోయిన మనిషి ఫైలు వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, అప్పటికి ఆయన తల్లి ఉందా అనే. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం, విల్లు రాయకుండా పోయిన మగవాడి ఆస్తిలో భార్య, పిల్లలతో పాటు తల్లి కూడా మొదటి వరస వారసురాలే. వాళ్ళతో సమానంగా ఆమెకూ ఒక వాటా. తండ్రికి మాత్రం ఆ వరసలో చోటు లేదు. బహుశా అందుకేనేమో జనం తల్లినీ మర్చిపోతారు.

అమ్మే ఆయన ఇచ్చిన కట్టలో, పన్ను రసీదుల మధ్యలో, అడ్రసు రుజువుగా పెట్టిన పాత రేషన్ కార్డు జిరాక్సు ఒకటుంది. 1998ది. మడత దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. ఇంటి పెద్ద పేరు, భార్య, ముగ్గురు పిల్లలు. ఆరో వరసలో ఒక ఆడమనిషి పేరు. వయసు 66. సంబంధం అన్న గడిలో "తల్లి".

ఆయన్ని ఆఫీసుకి పిలిచాను.

"ఇది మీ నాయనమ్మేనా?"

"అవును సార్, మా బాపమ్మ. మాతోనే ఉండేది. పదేళ్ళు దాటింది సార్ చనిపోయి."

"ఎప్పుడు పోయింది?"

"2011ల. సంక్రాంతి ముందర."

"నాన్న పోయేనాటికి ఉందిగా?"

"ఉంది. ఆమె ముందర్నే పాయె నాయన." కాసేపాగి, "గామె పేరెందుకు సార్ ఇప్పుడు? ఎమ్మార్వో ఇచ్చిన సర్టిఫికెట్ల నలుగురమే ఉన్నం కద?" అన్నాడు.

ఆ సర్టిఫికెట్ ఎందుకు తీశారని అడిగితే చిక్కుముడి విడిపోయింది. తండ్రి ఉద్యోగంలో ఉండగా పోయాడు, గ్రాట్యుటీ, పెన్షన్ కోసం ఆఫీసు వాళ్ళు అడిగారు. దరఖాస్తులో భార్యాపిల్లల పేర్లే రాశారు, విచారణలోనూ ఎవరూ వేరేగా చెప్పలేదు, అలాగే వచ్చింది. మూడేళ్ళ తర్వాత రిలీజ్ డీడ్ రాయించేటప్పుడు అదే కాగితం రైటర్ ముందు పెట్టారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరున్నారని చెప్పే రెవెన్యూ కాగితం మాత్రమే. అది ఎవరి హక్కునూ పుట్టించదు, అందులో పేరు లేనంత మాత్రాన ఎవరి హక్కూ పోదు. కొందరు దీనికి విరుగుడుగా కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెస్తామంటారు. అది రావలసిన బాకీలకు, షేర్లకు, డిపాజిట్లకు సంబంధించినది. ఇంటికి పనికిరాదు.

ఇప్పుడు లెక్క. 1987లో తండ్రి తన జీతంతో కొన్నది కాబట్టి స్వార్జితం. 2004లో ఆయన పోగానే ఐదుగురికి తలా ఐదో వంతు: భార్య, తల్లి, ముగ్గురు పిల్లలు. 200 గజాల్లో తలా 40 గజాలు. 2007లో భార్య, చిన్నకొడుకు, కూతురు వదులుకున్నారు కాబట్టి పెద్దకొడుక్కి 160 గజాలు వచ్చాయి. మిగిలిన 40 గజాలు ముసలావిడవి. ఆ రోజుకి ఆవిడ ఆ ఇంట్లోనే ఉంది. ఎవరూ సంతకం అడగలేదు.

2011లో ఆవిడ పోయింది. ఆవిడ ఆస్తి హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం దిగుతుంది: కొడుకులు, కూతుళ్ళు, ముందే చనిపోయిన కొడుకు పిల్లలు, భర్త ఉంటే భర్త. భర్త 1979లోనే పోయాడు. పిల్లలు ముగ్గురు: మన కథలో చనిపోయిన తండ్రి, ఆయన తమ్ముడు ఒకరు, చెల్లెలు ఒకరు. కాబట్టి 40 గజాలు మూడు కొమ్మలుగా చీలతాయి, కొమ్మకు 13.33 గజాలు. చిన్నాయనకు ఒకటి, మేనత్తకు ఒకటి. మూడోది చనిపోయిన తండ్రి కొమ్మ. అది ఆయన ముగ్గురు పిల్లలకూ కలిపి, తలా 4.44 గజాలు. కోడలికి అత్త ఆస్తిలో ఇక్కడ వాటా రాదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది, నా జూనియర్ కూడా దాన్ని దాటేసింది. "తమ్ముడు, చెల్లెలు 2007లోనే రిలీజ్ చేశారుగా సార్, వాళ్ళ 4.44 కూడా అందులో పోయినట్టే కదా?" పోలేదు. 2007లో నాయనమ్మ బతికే ఉంది. ఆమె వాటా ఎప్పటికైనా తమకు రావచ్చన్నది అప్పటికి ఒక ఆశ మాత్రమే. ఆశను బదిలీ చేయడానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 6 ఒప్పుకోదు. అప్పటి డీడ్‌తో అప్పటికి ఉన్న హక్కు వెళ్ళింది, 2011లో కొత్తగా వచ్చింది వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

అన్నీ కూడితే పెద్దకొడుక్కి 160కి 4.44 కలిపి 164.44 గజాలు. చిన్నాయన 13.33, మేనత్త 13.33, తమ్ముడు 4.44, చెల్లెలు 4.44. అంటే 200 గజాలు అమ్ముతానని అగ్రిమెంటు రాసిన మనిషికి 35 గజాల పైచిలుకు మీద హక్కు లేదు. ధరలో చూస్తే దాదాపు 19 లక్షల 55 వేలు. అది కూడా ఇంట్లో ఒక మూల గీత గీసి చూపించగల 35 గజాలు కాదు. పంపకం జరగలేదు కాబట్టి ప్రతి ఇటుకలోనూ ఆ నలుగురికీ భాగం ఉంది. రేపు లోన్ మొండిబాకీ అయి బ్యాంకు ఇల్లు వేలం వేయబోతే, వాళ్ళలో ఎవరో ఒకరు పంపకం దావా వేసి స్టే అడగడానికి ఇది చాలు.

నేను ఇంటరిమ్ రిపోర్ట్ ఇచ్చాను. దాంట్లోని పేరాను తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "1987 నుంచి 2004 వరకు టైటిల్ వరసగా ఉంది. 2004లో తల్లికి సంక్రమించిన ఐదో వంతు 2007 రిలీజ్ డీడ్‌లో చేరలేదు. మొత్తం ఆస్తిని 45 వాటాలు చేస్తే అమ్మకందారుకు 37 వాటాలకే మార్కెటబుల్ టైటిల్ ఉంది. మిగిలిన 8 వాటాల హక్కుదారులు రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ ఇచ్చేవరకు గానీ, సేల్ డీడ్‌లో అమ్మకందారులుగా చేరేవరకు గానీ తాకట్టు తీసుకోవడం మంచిది కాదు."

అదే సాయంత్రం శాఖ మేనేజర్ ఫోన్. "అంత పాత విషయం కదా సార్, సబ్జెక్ట్ టు అని ఒక లైను పెట్టి క్లియర్ ఇచ్చేయండి. అమ్మకందారు దగ్గర ఇండెమ్నిటీ బాండు తీసుకుంటాం." నాకు ఈ "సబ్జెక్ట్ టు", అంటే "ఫలానా దానికి లోబడి" అన్న మాట మీద నమ్మకం లేదు. లోపం ఏమిటో, ఎవరు సంతకం పెడితే పోతుందో తెలిసినప్పుడు దాన్ని షరతుగా రాయాలి కానీ, కప్పిపెట్టే మాటగా కాదు. ఇండెమ్నిటీ బాండు అంటే, నష్టం వస్తే నేను కడతాను అని అమ్మినవాడు ఇచ్చే మాట. అది చిన్నాయన హక్కును తీసేయదు. ఇల్లు అమ్మేసి డబ్బు ఖర్చుపెట్టేశాక ఆ మాట ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలి?

అమ్మే ఆయన తరఫు లాయరు ఇంకో వాదన తెచ్చాడు: 2004 నుంచి పెద్దకొడుకే ఉంటున్నాడు, 12 ఏళ్ళు దాటింది, ఇక ఎవరికీ హక్కు లేదు అని. బయటివాడి విషయంలోనైతే ఆ వాదన వినొచ్చు. సహ యజమానుల్లో ఒకరు ఉంటే అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. మీకు ఇందులో హక్కు లేదని మిగతావాళ్ళకు తెలిసేలా బయటపెట్టి, ఆ తర్వాత 12 ఏళ్ళు గడిస్తేనే వేరే మాట. ఇక్కడ చిన్నాయన ప్రతి దసరాకీ అదే ఇంట్లో భోంచేసి వెళ్తున్నాడు. వాదన అక్కడే ఆగిపోయింది.

ఇంకా ఒక్కటే ప్రశ్న. ముసలావిడ ఏమైనా విల్లు రాసిందా? రాసుంటే నా లెక్క మొత్తం మారిపోతుంది. ముగ్గురు పిల్లల కొమ్మల నుంచీ వేర్వేరుగా అడిగాను. లేదన్నారు. ఆ మాట రిలీజ్ డీడ్‌లోనే ప్రకటనగా రాయించమన్నాను. విల్లు రిజిస్టర్ చేయాలన్న నియమం లేదు కాబట్టి రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికి తేల్చే విషయం కాదిది.

చిన్నాయన కరీంనగర్‌లో ఉంటాడు. మొదట్లో పలకలేదు. అన్న ఇల్లు అమ్ముతున్నట్టు తనకి బయటివాళ్ళ ద్వారా తెలిసిందని కోపం. ఆయనకి ఎంత ఇచ్చారో, అసలు ఇచ్చారో లేదో నేను అడగలేదు. అది రిపోర్టుకి అవసరం లేదు. డీడ్‌లో ఏ మొత్తం రాస్తే అది నిజంగా చేతికి ముట్టాలి, అంతవరకే చెప్పాను. మేనత్త మాత్రం వెంటనే ఒప్పుకుంది. నా ఆఫీసులో డ్రాఫ్టు చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, "అమ్మ పేరు ఏ లైన్ల ఉంది సార్?" అని అడిగింది. చూపించాను. "గప్పుడే రాస్తె ఆమెనే సంతకం పెట్టేది గద బిడ్డా" అంది మేనల్లుడితో. అతను ఏమీ అనలేదు.

నలుగురినీ సేల్ డీడ్‌లోనే అమ్మకందారులుగా చేర్చవచ్చు, ఒక రిజిస్ట్రేషన్‌తో అయిపోతుంది. కానీ కొనేవాళ్ళ అగ్రిమెంటు ఒక్కడితోనే ఉంది, బ్యాంకు చెక్కు కూడా ఒక్కడి పేరుతోనే సాంక్షన్ అయింది. అమ్మకందారులు ఐదుగురైతే అగ్రిమెంటు, సాంక్షన్ లెటరు, టీడీఎస్ అన్నీ మార్చాలి. అందుకని ముందు రిలీజ్ డీడ్, ఆ తర్వాత సేల్ అన్నాను. ఖర్చు అమ్మే ఆయనది. రిలీజ్ డీడ్‌లో నాయనమ్మ మరణం, ఆమె వారసులు, ఎవరికి ఎన్ని వాటాలు, 2007 డీడ్‌లో ఆమె చేరలేదన్న విషయం, అన్నీ వరసగా రాయించాను. నాయనమ్మ డెత్ సర్టిఫికెట్ తెచ్చారు. షెడ్యూల్‌లో ఈసారి ప్లాటు, సర్వే, ఇంటి నంబర్లు మూడూ పడ్డాయి.

అగ్రిమెంటు గడువు 60 రోజులు దాటిపోయింది. కొనేవాళ్ళు టెన్షన్ పడ్డారు, అడ్వాన్సు పోతుందేమోనని. గడువును ఇంకో 30 రోజులు పొడిగిస్తూ ఇద్దరూ సంతకం పెట్టిన చిన్న కాగితం రాయించుకోమని చెప్పాను. 71వ రోజున రిలీజ్ డీడ్ రిజిస్టరైంది. మూడు రోజులాగి ఇంటి నంబరుతో ఒకటి, ప్లాటు నంబరుతో ఒకటి, రెండు ఈసీలు మళ్ళీ తీశాను. కొత్త డీడ్ రెండింటిలోనూ వచ్చింది. ఆ ప్లాటుకీ ఆ ఇంటికీ కలిపి ఒకే కాగితం కనబడడం అదే మొదటిసారి. ఫైనల్ రిపోర్ట్ అదే రోజు పంపాను. బ్యాంకు తీసుకోవలసిన కాగితాల జాబితాలో తొమ్మిది అంశాలు రాశాను. పంచింగ్ రంధ్రాలున్న 1987 డీడ్ మొదటిది, సొసైటీ లెటరు ఎనిమిదోది. తొమ్మిదోదిగా రేషన్ కార్డు జిరాక్సు చేర్చాను. మేనేజర్ అది ఎందుకని అడిగాడు. ఆ ఇంట్లో ముసలావిడ ఉండేదని, ఆమె ఎవరి తల్లో చెప్పేలా, గొడవ రాకముందు పుట్టిన కాగితం ఈ ఫైలు మొత్తానికీ అదొక్కటేనని చెప్పాను.